పిలుపును కాదనకుండా భోజనాన్ని కాదనడం

2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం వచ్చింది. మన దేశంలో ముస్లింలకు ఆ రోజు రంజాన్ నెలలో 29వ రోజా. అంతకు ముందు ఏడాది ఏప్రిల్ 9న వచ్చిన ఉగాది కూడా రోజాల్లోనే వచ్చింది. 2026 మార్చి 19 నాటి ఉగాదీ అంతే. వరసగా మూడేళ్ళు, తెలుగిళ్ళలో కొత్త సంవత్సరం భోజనానికి విస్తళ్ళు వేసే మధ్యాహ్నం, పక్కింటి ముస్లిం కుటుంబం మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉంది.

ఈ రెండూ ఇలా కలవడానికి కారణం ఉంది. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి, అంటే అమావాస్య వెళ్ళగానే వచ్చే తిథి. ఇస్లామీ నెల మాత్రం పడమట నెలవంక కంటికి కనబడిన సాయంత్రం మొదలవుతుంది. అమావాస్య వెళ్ళాక ఒకటి రెండు రోజులకు గానీ ఆ వంక కనబడదు. అందుకే మనకు కొత్త నెల మొదలైన పొద్దుటికి వాళ్ళకు పాత నెల ఇంకా పూర్తి కాదు. రంజాన్ మన ఫాల్గుణంతో కలిసి నడిచిన ఏడాది ఉగాది రోజాల ఆఖరి రోజుల్లో పడుతుంది. ఆ వెంటనే ఒకటి రెండు రోజుల్లో ఈద్ వస్తుంది.

అలాంటి ఏడాది పొరుగింటావిడ గుమ్మంలో నిలబడి “రేపు మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే, అందరూ రావాలి” అంటే ఏమని చెప్పాలి? రోజా వదలడం కుదరదు. ఆవిడ మనసు కష్టపెట్టడం ఇష్టం ఉండదు. ఈ ఇరకాటం ముస్లింలకే కాదు, అయ్యప్ప మాలలో ఉన్నవాళ్ళకీ, జైనులకీ, షుగరు ఉన్నవాళ్ళకీ ఏదో ఒక పండగకి ఎదురవుతూనే ఉంటుంది. ఉగాది, రంజాన్‌ల ఉదాహరణను వివరంగా చూస్తే మిగతావాటికీ దారి దొరుకుతుంది.

ఎక్కడ చెడుతుంది

మొహమాటం కొద్దీ చాలామంది “చూద్దాం లెండి” అంటారు. వినడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ పిలిచినావిడకి ఆ మాట వస్తామన్నట్టే లెక్క. మర్నాడు నలుగురికి సరిపడా పూర్ణం ఎక్కువ రుబ్బుతుంది, బియ్యం రెండు గ్లాసులు ఎక్కువ పోస్తుంది, రెండింటి దాకా ఎదురు చూస్తుంది. అప్పుడు పిల్లాణ్ణి పంపి కబురడిగితే తెలుస్తుంది, వాళ్ళు రారని. ముందు రోజే తెలిసి ఉంటే ఆవిడ ఏ బాధా పడేది కాదు. వండిన తరవాత తెలిసిన “రాము” అనే మాటే గుచ్చుకుంటుంది.

ఇంకొందరు ఒంట్లో బాగాలేదని చెబుతారు. ఇరుగుపొరుగుల మధ్య ఈ అబద్ధం ఒక పూట కూడా నిలవదు. పిలిచినావిడ మిరియాల చారు పట్టుకుని పరామర్శకు వస్తుంది. లేకపోతే ఆ రాత్రి తరావీహ్ నమాజుకి వెళ్తూ మెట్ల మీదే కనబడతారు. అబద్ధం బయటపడ్డాక ఆవిడకి మిగిలేది ఒక్కటే అనుమానం, మా ఇంట్లో తినడం ఇష్టం లేదేమోనని. నిజమైన కారణం చెప్పి ఉంటే ఆ అనుమానానికి చోటే ఉండేది కాదు.

మూడోది, కారణం చెబుతూ చెబుతూ అవతలివాళ్ళ వంట మీదికి వెళ్ళడం. “మాకు అలాంటివి పనికిరావు”, “మేం బయట ముట్టం” అనే మాటల్లో నియమం తనది అన్నట్టు ఉండదు, తప్పు వంటది అన్నట్టు ఉంటుంది. “రేపు నాకు రోజా” అనడం నా గురించి చెప్పడం. “మీది మేం తినం” అనడం మీ గురించి చెప్పడం. ఏ మతంవాళ్ళు ఏ మతంవాళ్ళతో అన్నా ఈ రెండో మాట చాలాకాలం మనసులో ఉండిపోతుంది.

నాలుగోది “ఈసారికి వదిలెయ్యండి, మళ్ళీ ఎప్పుడైనా వస్తాం” అనడం. ఆ ఎప్పుడైనాకి తేదీ లేదు. తేదీ లేని మాట ఇచ్చినవాళ్ళకూ గుర్తుండదు, పుచ్చుకున్నవాళ్ళకూ నమ్మకం కుదరదు.

గుంటూరులో రెండు వాటాల ఇల్లు

గుంటూరులో ఒక రెండంతస్తుల ఇల్లు ఊహించుకుందాం. కింది వాటాలో హిందూ కుటుంబం, పై వాటాలో ముస్లిం కుటుంబం. ఆడవాళ్ళిద్దరూ వదినా వదినా అని పిలుచుకుంటారు. 2025 మార్చి 29, శనివారం సాయంత్రం. కింది వాటా ఆవిడ మేడెక్కి వచ్చింది.

“వదినగారూ, రేపు పండగ. బొబ్బట్లు చేస్తున్నాను. అన్నయ్యగారూ మీరూ పిల్లలూ మధ్యాహ్నం భోజనానికి వచ్చెయ్యండి.”

“మీరు ఇంతగా పైకొచ్చి పిలిచారు, చాలా సంతోషం వదినా. కాకపోతే రేపు మాకు రోజా. నేనూ ఆయనా పెద్దమ్మాయీ ముగ్గురం ఉంటున్నాం. సాయంత్రం ఆరూ ఇరవై దాకా మంచినీళ్ళు కూడా తాగం. చిన్నాడికి రోజా లేదు, వాణ్ణి మధ్యాహ్నం పంపిస్తాను, మీ పిల్లలతో పాటు కూర్చోబెట్టండి. మా ముగ్గురికీ తలా ఒక బొబ్బట్టూ, కాస్త పులిహోరా తీసి ఉంచారంటే ఆరింటికి నేనే కిందికొచ్చి తెచ్చుకుంటాను. రేపు ఇఫ్తార్‌లో ఖర్జూరం తిన్నాక మీ బొబ్బట్టే.”

“మరి గారెలో?”

“సాయంత్రానికి మెత్తబడతాయిగా. పెరుగులో వేసివ్వండి, అమ్మాయికి అవంటే ప్రాణం.”

ఇందులో కాదన్న మాట ఒకే ఒక్క వాక్యం, “రేపు మాకు రోజా”. దాని ముందు పిలుపు అందినందుకు సంతోషం ఉంది. తరవాత, ఆ నియమం ఎంతవరకో గడియారంతో సహా ఉంది. రోజా తెల్లవారుజామున సహరీ ముగిసినప్పటి నుంచి సూర్యాస్తమయం దాకా ఉంటుంది. మార్చి చివర గుంటూరులో అది తెల్లవారి అయిదు లోపు మొదలై సాయంత్రం ఆరూ ఇరవై ప్రాంతంలో ముగుస్తుంది. ఆ వేళ చెప్పగానే పిలిచినావిడకి అడ్డు ఎక్కడుందో తెలిసిపోయింది. అడ్డు తన ఇల్లూ కాదు, వంటా కాదు, పగలు. పగలు పోగానే అడ్డూ పోతుంది.

అంతకంటే ముఖ్యమైనది ఆ తరవాతి మాట. పై వాటా ఆవిడ “మీకు బదులు నేను ఏదైనా పంపిస్తాను” అనలేదు, “మా కోసం తీసి ఉంచండి” అని అడిగింది. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. పండగపూట పిలిచేవాళ్ళకు కావలసింది పెట్టడం. మనం కాదని, నష్టపరిహారంలా ఒక స్వీటు పెట్టె ఇచ్చామంటే, పెట్టాలనుకున్న మనిషిని పుచ్చుకునే మనిషిగా మార్చేశాం. ఆవిడకి పెట్టే అవకాశం పోయింది, పైగా ఇప్పుడు మనకు బాకీ. అదే మనకు కుదిరే వేళకి, కుదిరే పదార్థం, కుదిరినంత అడిగి పుచ్చుకుంటే ఆవిడ పండగ నిండుగా జరిగినట్టే. కాదనేవాళ్ళు ఇచ్చే ప్రత్యామ్నాయంలో పెట్టే చెయ్యి అవతలివాళ్ళదిగానే ఉండాలి.

అడిగిన పద్ధతిలోనూ తెలివి ఉంది. తలా ఒక బొబ్బట్టు, కాస్త పులిహోర. ఇంత అని చెప్పి అడిగితే అది మర్యాదకు అన్న మాట కాదని తెలుస్తుంది. పొద్దున్న చేసినవాటిలో సాయంత్రానికి బాగుండేవే అడిగింది. బొబ్బట్టు, పులిహోర అలా నిలుస్తాయి. గారె కరకర పోయి సాగుతుంది, కానీ పెరుగులో నానితే ఆవడ అవుతుంది. ఇఫ్తార్ పళ్ళెంలో దహీ బడే మామూలుగా ఉండేదే కాబట్టి ఆ ఆవడ అక్కడ కొత్త వంటకమేమీ కాదు. ఇక ఉగాది పచ్చడి కావాలంటే చిన్న జాగ్రత్త చాలు. కొత్త చింతపండు పులుసు, బెల్లం, మామిడి ముక్కలు, ఉప్పు, కారం కలిపి గిన్నెలో ఉంచి, వేప పువ్వు మాత్రం విడిగా చిన్న పొట్లంలో ఇవ్వాలి. పొద్దుటి నుంచి పువ్వు నానితే చేదు అంతా పులుసులోకి దిగి మిగతా రుచులను మింగేస్తుంది. తినేముందు కలుపుకుంటే ఆరు రుచులూ దేనికది తెలుస్తాయి.

చిన్నవాణ్ణి పంపిస్తాననడం కూడా మంచి పని చేసింది. రోజా చిన్నపిల్లలకు విధి కాదు. ఇంటి తరఫున ఒకరైనా ఆ మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చుంటే పిలుపు వట్టిపోలేదన్న తృప్తి పిలిచినావిడకి ఉంటుంది.

గిన్నె సంగతి కూడా చూడాలి. మన ఊళ్ళలో పొరుగింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపరు. ఉగాది మర్నాడో ఆ మర్నాడో ఈద్ కాబట్టి ఆ గిన్నెలో ఏం వెళ్తుందో అప్పుడే ఖాయమైంది. పాలు, సేమ్యా, ఖర్జూరం, జీడిపప్పు, బాదం వేసిన షీర్ ఖుర్మా. అందులో మాంసం, గుడ్డు ఉండవు కాబట్టి శాకాహారుల ఇంటికీ వెళ్తుంది. ఆ ఏడాది మార్చి 30 సాయంత్రమే నెలవంక కనబడింది, 31న ఈద్ జరిగింది. “నెలవంక కనిపిస్తే ఎల్లుండే పండగ, పొద్దున్నే పిల్లల్ని పైకి పంపండి” అని శనివారమే చెప్పి ఉంటే ఆ ప్రతిపిలుపుకు తేదీ కూడా ఉన్నట్టే.

రోజాలో ఉన్నానని చెప్పవచ్చా

ఉపవాసం పైకి చాటుకునేది కాదని కొందరు సంకోచిస్తారు. భక్తిని ప్రదర్శించకూడదన్న భావం ఇస్లాంలో బలంగా ఉంది. కానీ భోజనానికి పిలిచిన సందర్భంలో చెప్పమనే హదీసు ఉంది. సున్నీ ముస్లింలు ప్రామాణికంగా ఎంచే సహీహ్ ముస్లిం సంకలనంలో రెండు మాటలు కనిపిస్తాయి. రోజాలో ఉన్నవారిని భోజనానికి పిలిస్తే తాము రోజాలో ఉన్నామని చెప్పాలని ఒకటి. పిలిస్తే వెళ్ళాలి, రోజా లేకపోతే తినాలి, ఉంటే పిలిచినవాళ్ళ మేలు కోరి ప్రార్థించాలని రెండోది.

కాబట్టి తినలేకపోయినా వెళ్ళడం ఉంది. అయితే ఏ వేళకి వెళ్ళాలన్నది మనం చూసుకోవాలి. వడ్డన జరుగుతుండగా వెళ్ళి ఒక మూల కూర్చుంటే తినేవాళ్ళకు ముద్ద దిగదు. పండగ పొద్దున పదింటికో పదకొండింటికో వెళ్ళి, పెద్దవాళ్ళను పలకరించి, కాసేపు కూర్చుని వస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఉపవాసికి ఇఫ్తార్ పెట్టడం గొప్ప పుణ్యమని ముస్లింలు నమ్ముతారు. “మీ చేతి బొబ్బట్టుతో ఇఫ్తార్” అనే మాటకు వాళ్ళ లెక్కలో బరువుందని పిలిచినావిడకి చెబితే, ఆవిడ పెట్టిన దాని విలువ ఆవిడకీ తెలుస్తుంది.

నైవేద్యం గురించి ముందే మాట్లాడుకోవాలి

ఇక్కడ చాలా ఇళ్ళు తప్పించుకుని తిరిగే విషయం ఒకటి ఉంది. చాలామంది ముస్లింలు, చాలామంది క్రైస్తవులు దేవుడికి నైవేద్యం పెట్టిన పదార్థం తినరు. అదే వంట నైవేద్యం పెట్టనిదైతే హాయిగా తింటారు. ఇది చెప్పలేక కొందరు ప్రసాదం పుచ్చుకుని, కళ్ళకద్దుకున్నట్టు తల ఊపి, ఇంటికెళ్ళి పక్కన పెట్టేస్తారు. అది ఎవరి కంటైనా పడితే పిలిచినవాళ్ళకు కలిగే బాధ, నేరుగా చెబితే కలిగే దానికి ఎన్నో రెట్లు.

చెప్పే మాట చిన్నదే. “వదినా, పూజలో పెట్టింది కాకుండా వంటగిన్నెలోంచి తీసిపెట్టండి, మా పద్ధతి మీకు తెలుసుగా.” పెట్టేవాళ్ళకూ ఇది కష్టమేమీ కాదు. నైవేద్యానికి కొంత చిన్న గిన్నెలోకి తీసి, పూజ అయ్యాక దాన్ని తిరిగి పెద్ద గిన్నెలో కలపకుండా విడిగా పంచితే సరిపోతుంది. కొందరు వంట మొత్తం నివేదన చేశాకే ఎవరికైనా పెడతారు. ఆ ఇంటి నియమం అది, దాన్నీ గౌరవించాలి. అలాంటప్పుడు పూజతో సంబంధం లేని కొబ్బరికాయో, మామిడిపళ్ళో, మర్నాడు మామూలుగా చేసిన వంటో అడగడం మేలు. ఈ మాట పండగ రోజు గుమ్మంలో పళ్ళెం చేతిలో ఉండగా అనేది కాదు, ముందు రోజు తీరికగా అనుకోవాలి.

“సాయంత్రం ఇవ్వండి” అందరికీ కుదరదు

నియమం ఎంతవరకో కాదనేవాళ్ళే చెప్పాలని ఎందుకంటున్నానంటే, పిలిచేవాళ్ళు ఊహించి సర్దుకోలేరు. జైనుల సంగతి చూడండి. శ్వేతాంబర జైనులలో మూర్తిపూజ చేసే శాఖవారికి పర్యూషణంలో ఆఖరి రోజు సంవత్సరి. అది సాధారణంగా భాద్రపద శుద్ధ చవితి, అంటే మన వినాయక చవితే. హైదరాబాదులో బేగంబజారు, సికింద్రాబాదుల్లో తరతరాలుగా స్థిరపడిన జైన కుటుంబాలున్నాయి. పక్కింటివాళ్ళు ఉండ్రాళ్ళు, కుడుములు వండే రోజునే వాళ్ళలో చాలామంది ఉపవాసం ఉంటారు.

రోజా తెలిసినవాళ్ళు “అయితే సూర్యుడు దిగాక తినండి” అంటారు. జైనులకు అది తిరగబడుతుంది, సూర్యుడు దిగాక వాళ్ళు అసలు తినరు. సంవత్సరి ఉపవాసంలో పగలు కాచి చల్లార్చిన నీళ్ళు మాత్రమే తాగేవారున్నారు, అవి కూడా లేకుండా ఉండేవారున్నారు. మర్నాడు పొద్దు పొడిచి ముప్పావు గంట దాటాక గానీ పారణ చెయ్యరు. పోనీ కుడుములు దాచి పొద్దున్నే ఇద్దామంటే అదీ కుదరదు. తడి ఉన్న వంట రాత్రి నిలవైతే నియమం పాటించే జైనులకు పనికిరాదు.

ఇవన్నీ పక్కింటివాళ్ళకు తెలిసే వీలు లేదు. “ఆంటీ, రేపు మాకు సంవత్సరి, ఎల్లుండి పొద్దుటి దాకా ఏమీ తినం. ఎల్లుండి మీరు పొద్దున్నే తాజాగా చేసిన ఉప్మా అయినా సరే, కాస్త పెట్టండి. ఉల్లి, అల్లం లేకుండా కొబ్బరి పచ్చడి చాలు” అని ఆ ఇంటి కోడలు చెప్పిందనుకోండి. పెట్టే రోజు మారింది, పదార్థం మారింది, పెట్టడం మాత్రం ఆగలేదు.

క్రిస్మస్ భోజనం, అయ్యప్ప మాల

ఇంకో జత ఏటా తప్పకుండా వచ్చేది. శబరిమల మండల కాలం నవంబరు మధ్యలో మొదలై 41 రోజులు నడిచి డిసెంబరు 26నో 27నో మండల పూజతో ముగుస్తుంది. క్రిస్మస్ దాని లోపలే ఉంటుంది. మాలలో ఉన్న స్వామి మాంసం, గుడ్డు ముట్టరు, పగలు ఒకపూటే భోజనం చేస్తారు. చాలామంది ఇంట్లో స్నానం చేసి శుచిగా వండినదే తింటారు. క్రైస్తవ పొరుగింటి నుంచి బిర్యానీకి, గుడ్డు వేసిన కేకుకి పిలుపు వస్తుంది. రోజాలా సాయంత్రానికి ఇది తేలదు.

అప్పుడు ప్రత్యామ్నాయం రెండు భాగాలుగా ఉండాలి. మొదటిది ఆ రోజుకు సంబంధించింది. “క్రిస్మస్ నాడు పొద్దున్న చర్చి నుంచి వచ్చాక వచ్చి కలుస్తాను అన్నా. ఒక అరటిపండు పెట్టండి, అక్కడే తింటాను.” పండు వండినది కాదు కాబట్టి చాలామంది స్వాములకు అభ్యంతరం ఉండదు. పిలిచినవాళ్ళ చేతి మీదుగా, వాళ్ళ ఇంట్లోనే తిన్నట్టూ ఉంటుంది. రెండోది తేదీతో చెప్పే మాట. మండల పూజకు కొండకు వెళ్ళి వచ్చి మాల తీసేవాళ్ళకు జనవరి 1 తేలిగ్గా దొరికే రోజు. క్రైస్తవ ఇళ్ళలో డిసెంబరు 31 రాత్రి ప్రార్థన తరవాత మర్నాడు అదీ పండగ భోజనమే. “బిర్యానీ జనవరి 1న మీ ఇంట్లోనే” అంటే క్రిస్మస్ పిలుపు వారం రోజులు జరిగిందంతే. మకర జ్యోతి దాకా మాల ఉంచుకునేవాళ్ళు జనవరి మూడో వారంలో ఒక ఆదివారం చెప్పాలి.

ఇక్కడ ఒకటి చెయ్యకూడదు. “మీరే మా ఇంటికి రండి, పూజ ఉంది, భిక్షకు కూర్చోండి” అని బదులు పిలవడం ప్రేమగానే అనిపిస్తుంది. కానీ తన నియమం వల్ల కాదన్న మనిషి, అవతలివాళ్ళ నియమం గురించి ఆలోచించకుండా తన పూజకు పిలవడం అవుతుంది.

షుగరు ఉన్నవాళ్ళు చెప్పవలసింది

వైద్యుడు పెట్టిన పత్యం చెప్పడం తేలికనుకుంటాం, నిజానికి దానికే ఎక్కువ బలవంతం జరుగుతుంది. దేవుడి నియమమంటే వెనక్కి తగ్గే మనుషులు షుగరంటే “పండగపూట ఒక్క బొబ్బట్టుకి ఏం కాదు” అంటారు. పైగా అసలు ప్రమాదం చాలాసార్లు తీపిలో కాదు, ఆలస్యంలో ఉంటుంది. పూజ, నైవేద్యం అయ్యి విస్తళ్ళు పడేసరికి రెండు దాటుతుంది. ఇన్సులిన్ గానీ, షుగరు బాగా దించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళు వేళకి తినకపోతే షుగరు పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం మొదలవుతాయి.

అందుకని తీపి గురించి కాకుండా వేళ గురించి ముందే చెప్పాలి. “పిన్నిగారూ, మందు వల్ల పన్నెండున్నరకి నేను తినేయాలి. ఇంట్లో తిని ఒంటిగంటన్నరకి వస్తాను, అందరితో పాటు కూర్చుంటాను. నా విస్తట్లో మీ పప్పూ, వంకాయ కూరా, మజ్జిగా చాలు.” ఏం వద్దో చెప్పే బదులు ఏం కావాలో ఇలా చెబితే వడ్డించేవాళ్ళకు చెయ్యి ఆడుతుంది. లేకపోతే వచ్చిన ప్రతి పదార్థానికీ చెయ్యి అడ్డం పెడుతూ, భోజనమంతా కాదనడంతోనే గడిచిపోతుంది.

పిలిచేవాళ్ళకు ఒక మాట

బాధ్యత అంతా కాదనేవాళ్ళ మీదే వెయ్యడం న్యాయం కాదు. “రోజా” అనో “మాల” అనో విన్నాక “కొంచెం తింటే దేవుడేం అనుకోడు” అనకూడదు. అది ప్రేమగా అన్నా, అవతలివాళ్ళు నెలంతా పట్టుదలగా నడిపినదాన్ని తేలిక చెయ్యడమే. ఇంట్లో ఒకరు రోజా లేకపోతే ఎందుకని అడగకూడదు. నెలసరి, కాన్పు, జబ్బు, ప్రయాణం, ఇలా రోజా మినహాయింపులకు సొంత కారణాలుంటాయి, అవి నలుగురిలో చెప్పుకునేవి కావు. వినగానే అడగవలసిన ప్రశ్న ఒక్కటే, “మరి ఎప్పుడు, ఏం పెట్టమంటారు?” కాదనేవాళ్ళు మొహమాటపడి చెప్పలేకపోయిన సగం మాట ఆ ప్రశ్నతో బయటికి వస్తుంది.

ఉగాది, రంజాన్‌ల జంట ఇప్పటికి విడిపోయింది. హిజ్రీ సంవత్సరం మనం వాడే ఇంగ్లీషు కేలెండరు కంటే 11 రోజులు చిన్నది. మన పంచాంగంలో అప్పుడప్పుడు అధికమాసం కలిపి ఆ తేడా సరిచేస్తారు కాబట్టి ఉగాది మార్చి, ఏప్రిల్ దాటి పోదు. హిజ్రీలో అధికమాసం లేదు కనుక రంజాన్ ఏటేటా వెనక్కి జరుగుతూ ఉంటుంది. ఆ లెక్కన 2030లోనూ 2031లోనూ రోజాలు జనవరిలో ఉంటాయి, సంక్రాంతి ఆ నెల నడిమధ్యన పడుతుంది. ఈద్ ఒకటి రెండు రోజుల్లో రాదు, వారం పైగానే ఆగాలి. కాబట్టి ఈద్ తేదీ చెప్పి మాట దాటవెయ్యడం అప్పుడు కుదరదు, ఆ సాయంత్రానికే ఏదో ఒకటి అడగాలి. పండగ వంటల్లో అందుకు అన్నిటికంటే అనువైనవి అరిసెలే. నాలుగు రోజుల ముందే వండుతారు, వారం పైగా నిలవుంటాయి. సంక్రాంతి నైవేద్యానికి ముందే పాకం పట్టిన నాడే వేడివేడిగా నాలుగు పైకి పంపమని అడిగితే ఆ సాయంత్రం ఇఫ్తార్‌కి అందుతాయి, పిలిచినావిడ పండగ కూడా ముందే మొదలవుతుంది.